ఏటీఎం ఆగిన గంటలతో బ్రాంచీలకు ర్యాంకులు

ప్రతి ఏటీఎం బ్యాంకు స్విచ్ అనే కేంద్ర కంప్యూటరుకు అనుసంధానమై ఉంటుంది. నగదు అయిపోయినా, నోటు ఇరుక్కున్నా ఆ సంగతి సమయంతో సహా అక్కడ నమోదవుతుంది. నెట్‌వర్క్ తెగితే మాత్రం యంత్రం ఏమీ చెప్పలేదు. దాని నుంచి రావలసిన సంకేతం రాకపోవడాన్ని బట్టి స్విచ్చే ఆ సంగతి గుర్తిస్తుంది. ఆగిన సమయానికీ తిరిగి పనిచేసిన సమయానికీ మధ్య గంటలను బ్రాంచివారీగా లెక్కగట్టి, ఎక్కువ గంటలు ఆగినదాన్ని పైన పెడితే ర్యాంకుల జాబితా తయారవుతుంది.

అయితే నమోదైన గంటలన్నీ నేరుగా కూడితే లెక్క తప్పుతుంది. ఒక ఏటీఎంలో ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా నెట్‌వర్క్ లేదనుకుందాం. అదే రోజు 11 నుంచి సాయంత్రం 5 దాకా నగదు కూడా లేదు. రెండు ఫిర్యాదులూ ఆరేసి గంటలు కాబట్టి కూడితే 12 వస్తుంది. ఖాతాదారుకు మాత్రం 8 నుంచి 5 దాకా, అంటే 9 గంటలే సేవ అందలేదు. అందుకే ఒకదానిపై ఒకటి పడిన సమయాలను ముందు కలిపేయాలి. మార్చి 31 రాత్రి 10కి ఆగి ఏప్రిల్ 1 తెల్లవారుజామున 4కి కోలుకున్న యంత్రానికి మార్చిలో 2 గంటలు, ఏప్రిల్‌లో 4 గంటలు రాయాలి. బాగుచేసినా ఎవరూ మూసివేయని ఫిర్యాదు రోజుల తరబడి గంటలు పెంచుకుంటూ పోతుంది. ఆ మధ్యలో డబ్బు తీసిన లావాదేవీ ఒక్కటి కనిపించినా ఫిర్యాదు ముగింపు తప్పని తేలిపోతుంది.

తర్వాతి ప్రశ్న యంత్రాల సంఖ్య. 30 రోజుల నెలలో ఒక్కో ఏటీఎం 720 గంటలు పనిచేయాలి. మొదటి బ్రాంచిలోని మూడు ఏటీఎంలు 12, 9, 15 గంటలు, మొత్తం 36 గంటలు ఆగాయి. రెండో బ్రాంచిలో ఉన్న ఒక్కటీ 20 గంటలు ఆగింది. మొత్తం చూస్తే మొదటిదే అధ్వానం. యంత్రానికి సగటు తీస్తే మొదటిది 12 గంటలు, రెండోది 20. పైగా రెండో బ్రాంచిలో అది ఆగితే ఖాతాదారుకు పక్కన మరో యంత్రం లేదు. కాబట్టి యంత్రానికి సగటు గంటలతో ర్యాంకు ఇచ్చి, బ్రాంచిలోని ఏటీఎంలన్నీ ఒకేసారి ఆగిన గంటలను పక్కన వేరుగా చూపడం న్యాయం.

చివరిది కారణం. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించి, అక్టోబరు 1 నుంచి అమలుకు నిర్ణయించిన పథకంలో, నగదు లేక నెలలో 10 గంటలకు మించి ఆగిన ప్రతి ఏటీఎంకు 10,000 రూపాయల జరిమానా పెట్టారు. అందులో లెక్కకొచ్చేవి నగదు లేని గంటలే. అందువల్ల జాబితాలో నగదు, నెట్‌వర్క్, కరెంటు, యంత్ర లోపాలకు వేర్వేరు గడులుండాలి. నగదు గడిలో పైనున్న బ్రాంచి నగదు నింపే వేళలు మార్చుకోవాలి. నెట్‌వర్క్ గడిలో పైనున్నదానికి ఆ మార్పు పనికిరాదు, కనెక్షన్ బాగుచేయాలి.