తగ్గింపు ముందా, పన్ను ముందా?

హైదరాబాద్‌లోని ఓ రెస్టారెంట్‌లో ఒక కుటుంబం 2,000 రూపాయల భోజనం చేసిందనుకుందాం. పండగ ఆఫర్ కింద 10 శాతం తగ్గింపు ఉంది. 10 శాతం సర్వీస్ చార్జీ ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు. మామూలు రెస్టారెంట్ కాబట్టి జీఎస్టీ 5 శాతం.

లెక్క ఇలా సాగాలి. ముందు తగ్గింపు 200 తీసేస్తే 1,800. దాని మీద సర్వీస్ చార్జీ 180 కలిపితే 1,980. ఈ మొత్తం మీద జీఎస్టీ 99. చెల్లించాల్సింది 2,079.

ఇప్పుడు తలకిందులుగా చేసి చూద్దాం. 2,000కు సర్వీస్ చార్జీ 200, ఆ 2,200 మీద పన్ను 110, మొత్తం 2,310. చివర్లో 10 శాతం తీసేస్తే మళ్లీ అదే 2,079! శాతాలను ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే వరస మారినా మొత్తం మారదు. అందుకే చాలామంది ఈ తప్పును పట్టుకోలేరు. కానీ బిల్లులో పన్ను 99కి బదులు 110 అని పడింది. అంటే అసలు అమ్మకం విలువకు రావాల్సిన దానికన్నా 11 రూపాయలు ఎక్కువ.

శాతం బదులు ‘200 రూపాయల కూపన్’ అయితే తేడా జేబుకే తగులుతుంది. కూపన్‌ను ముందే తీసేస్తే 2,079, పన్ను వేశాక తీసేస్తే 2,110.

ఈ వరస దుకాణదారు ఇష్టం కాదు. అమ్మే సమయానికే ఇచ్చి, బిల్లులో చూపించిన తగ్గింపును పన్ను వేసే విలువ నుంచి మినహాయించాలని కేంద్ర జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అమ్మకందారు వసూలు చేసే అదనపు చార్జీలను మాత్రం ఆ విలువలో కలపాల్సిందే. కాబట్టి సర్వీస్ చార్జీ మీదా పన్ను పడుతుంది. బ్యాంకు కార్డు ఆఫర్ వేరే సంగతి. ఆ 200 బ్యాంకు భరించి రెస్టారెంట్‌కు చెల్లిస్తే అది రెస్టారెంట్ ఇచ్చిన తగ్గింపు కాదు, ధరలో ఓ భాగాన్ని మరొకరు కట్టినట్టే. అక్కడ 2,310 మీదే 200 తగ్గడం సరైన లెక్క.

ఇక సర్వీస్ చార్జీ. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయకూడదన్న వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. వద్దంటే ఆ వరుస బిల్లులోంచి తీసేయాలి, దాంతోపాటు దాని మీద పడిన పన్నూ పోవాలి. అప్పుడు 1,800కు జీఎస్టీ 90, మొత్తం 1,890. సర్వీస్ చార్జీ 180 మాత్రం కొట్టేసి పాత 99 అలాగే ఉంచితే 9 రూపాయలు ఎక్కువ తీసుకున్నట్టు.

బల్ల దగ్గరే సరిచూసుకోవడానికి కాలిక్యులేటర్ చాలు. 5 శాతం బిల్లులో సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్‌జీఎస్టీ 2.5 శాతంగా విడిగా ఉంటాయి. సీజీఎస్టీ అంకెను 40తో గుణిస్తే పన్ను ఏ మొత్తం మీద వేశారో తెలుస్తుంది. 49.50ని 40తో గుణిస్తే 1,980, సరిపోయింది. అక్కడ 55 ఉంటే 2,200 వస్తుంది, అంటే తగ్గింపు పన్ను తర్వాత పడింది. క్యాషియర్ సరిచేయనంటే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.