గజేంద్రుడి లావు

“తాతా, మొసలి పట్టుకుంటే ఆ ఏనుగు తన లావు పోయిందని ఏడుస్తదేంది? ఏనుగు ఎంత చిక్కిపోయినా ఏనుగే గదా!” అని మా మనవరాలు అడిగింది. పోతన గజేంద్రమోక్షంలో, ఏనుగు ఇక తన వల్ల కాదని దేవుడికి మొరపెట్టుకునే పద్యం చదువుతున్నది. అడిగిన మాటలో పొరపాటేమీ లేదు. డోర్నకల్ బజార్లో ఎవరినైనా అడగండి, లావు అంటే ఒళ్ళు చేసిన మనిషినే చూపిస్తారు.

పోతనది ఎక్కడి ఊరో కాదు బిడ్డా, మన పాత వరంగల్ జిల్లాలోని బమ్మెరే, పాలకుర్తి పక్కన. అయినా ఆయన పదిహేనో శతాబ్దం వాడు. మన ఊరి కవే గదా, మన మాటే గదా అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. తెలియని మాట ఎదురైతే మనం ఆగి నిఘంటువు చూస్తాం. తెలిసిన మాట అనుకుంటే ఆగం. అందుకే పాత పద్యాల్లో కష్టమైన మాటల కంటే తేలికగా కనపడే మాటలే ఎక్కువ మోసం చేస్తాయి.

మరి ఆగాలని ఎట్లా తెలుస్తది? నువ్వు ఆగినట్టే. ఇప్పటి అర్థం పెట్టి చదివితే కథ నడవకపోతే అదే మొదటి గుర్తు. ఆ పద్యంలో ఏనుగు వరసగా ఏం చెబుతున్నది? ధైర్యం సడలింది, ప్రాణాలు కదిలిపోయాయి, మూర్ఛ వస్తున్నది, ఒళ్ళు అలసిపోయింది అంటున్నది. ఈ వరసలో ‘నేను సన్నబడ్డాను’ అన్నది ఎక్కడ ఇముడుతుంది? తక్కినవన్నీ శక్తి పోవడం గురించే. కాబట్టి లావు కూడా శక్తికి సంబంధించిన మాటే అయి ఉండాలని మొదట ఒక ఊహ చేద్దాం. ఇది ఊహే. దీన్ని ఇక పరీక్షకు పెట్టాలి.

మొదటి పరీక్ష నిఘంటువు. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. ఇప్పుడు ఇవన్నీ ఆంధ్రభారతి సైటులో ఒక్కచోటే వెతుక్కోవచ్చు. అయితే పద్యంలో కనపడ్డ రూపాన్ని ఉన్నదున్నట్టు కొడితే ఏమీ దొరకదు. పద్యంలో లావు పక్క మాటతో సంధిలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని విడదీసి, చివర ఉకారం నిలబెట్టి, లావు అని వెతకాలి. క్రియలైతే ఇంకో అడుగు వేయాలి. ‘డస్సెను’ అని వెతికితే రాదు, ‘డస్సు’ అని వెతికితే అలసిపోవడం అని వస్తుంది. నిఘంటువులో మాట లేదనుకునేవాళ్ళలో చాలామంది ఈ విడదీయడం దగ్గరే ఆగిపోతారు.

లావు దగ్గర బలం అన్న అర్థమూ ఉంది, స్థూలం అన్న అర్థమూ ఉంది. ఇక్కడ తొందరపడొద్దు. మన డోర్నకల్ స్టేషన్ దగ్గర కాజీపేట–విజయవాడ లైను నుంచి కొత్తగూడెం లైను చీలుతుంది. జంక్షన్ పేరు తెలిసినంత మాత్రాన మనం ఎక్కిన బండి ఎటు పోతుందో తెలియదు. నిఘంటువూ అంతే, దారులు చూపిస్తుంది గాని ఈ పద్యం ఏ దారిన పోయిందో చెప్పదు.

పైగా నిఘంటువులో ఒక చిక్కుంది. పాత నిఘంటుకర్తలు చాలా అర్థాలను కావ్యాలు చదివే రాశారు, ప్రయోగాలుగా ఆ పద్యాలనే చూపించారు. అట్లాంటప్పుడు మనం అనుమానపడుతున్న పద్యాన్నే నిఘంటువు సాక్ష్యంగా చూపిస్తే, అది మన ఊహను మనకే తిప్పి చెప్పినట్టు అవుతుంది. కొత్త సాక్ష్యం కింద లెక్కకు రాదు. ఒక అర్థం కింద ఏ ప్రయోగం ఇచ్చారో తప్పకుండా చూడాలి. వేరే కవి, వేరే సందర్భం ఉంటేనే అది రెండో సాక్షి.

మన ఏనుగుకు అట్లాంటి సాక్షులు ఇద్దరున్నారు. ఒకటి, అదే ఇంటి మాటలు. నిఘంటువులో లావు పక్కనే ‘లావరి’ ఉంటుంది. లావరి అంటే బలవంతుడు, ఒళ్ళు బలిసినవాడు కాదు. మూల పదం అర్థం మారినా, దాంట్లోంచి పుట్టిన మాటలు చాలాసార్లు పాత అర్థాన్నే పట్టుకుని ఉంటాయి. రెండోది అంతకంటే గట్టిది, సంస్కృత భాగవతం. పోతన తెలిగించింది దాన్నే. అక్కడ ఎనిమిదో స్కంధంలో, ఏళ్ళ తరబడి పోరాటం సాగాక ఏనుగుకు మనసు, బలం, ఓజస్సు తగ్గిపోతాయి, నీళ్ళలో ఉండే మొసలికి అవే పెరుగుతాయి. ఒళ్ళు తగ్గిందన్న మాట కాదు అక్కడున్నది, బలం తగ్గిందన్న మాటే. తెలుగు నిఘంటువులతో ఏ సంబంధమూ లేని గ్రంథం మన ఊహనే బలపరిచింది. లావు అంటే ఇక్కడ బలమే, సందేహం లేదు.

బలం నుంచి ఒళ్ళు అన్న అర్థానికి మాట ఎట్లా జారిందంటావా? ‘బలిసిన మేక’ అంటాం గదా. అందులోనూ ఉన్నది బలమే, మనం చూసేది మాత్రం దాని ఒళ్ళు. బలం కంటికి కనపడదు, ఒళ్ళు కనపడుతుంది. జనం నోట కనపడేదే మిగిలింది.

అదే పద్యంలో ‘ఠావు’ అని ఇంకోటి వస్తుంది. ఠావు కాగితం గుర్తొస్తే దాన్ని పక్కన పెట్టు. ఇక్కడ ఠావు అంటే చోటు. ప్రాణాలు తమ చోట్ల నుంచి కదిలాయని. దీనికి నిఘంటువు ఒక్కసారి చూస్తే చాలు, ఇంకో అర్థం అక్కడ అతకదు.

కానీ ఆ తర్వాత వచ్చే ‘మన్నించు’ ఉందే, అది అంత సులువుగా లొంగదు. ఇవాళ మన్నించు అంటే క్షమించు. పాత నిఘంటువుల్లో గౌరవించు, ఆదరించు అన్న అర్థాలూ ఉన్నాయి, క్షమించు కూడా ఉంది. తోబుట్టువు మాటను చూస్తే పాత అర్థమే పలుకుతుంది. ‘పెద్దల మన్ననలు పొందాడు’ అంటే పెద్దలు ఆదరించారని, క్షమించారని కాదు. ఆ పద్యంలో ఏనుగు ఏ తప్పూ ఒప్పుకోవడం లేదు, తాను దీనుడినని చెప్పి కాపాడమని పిలుస్తున్నది. కాబట్టి ఆదరించు అన్నదే నాకు సరిగ్గా తోస్తుంది.

అయితే ఎదుటివాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. అగస్త్యుడు వచ్చినప్పుడు మర్యాద చేయలేదని శాపం తగిలి ఏనుగై పుట్టాడు. అంటే తప్పు ఒకటి ఉన్నట్టే గదా, క్షమించమనడంలో వింతేముంది అని ఎవరైనా అనొచ్చు. కానీ ఆ సంగతి ఏనుగును విడిపించాకే కథలోకి వస్తుంది. తర్వాత తెలిసే విషయాన్ని ముందు పద్యంలోకి తెచ్చి అర్థం చెప్పడం నాకు బలహీనంగా కనపడుతుంది. అందుకని లావు పక్కన ‘బలం’ అని సిరాతో రాసుకోవచ్చు. మన్నించు పక్కన మాత్రం ‘ఆదరించు’ అని పెన్సిల్‌తో రాసి, క్షమించు అన్న అర్థాన్ని కింద ఉంచుకోండి. పరీక్షలో అడిగితే రెండూ రాసి, ఆదరించు ఎందుకు మేలో ఒక్క వాక్యం చేర్చండి.