సగం లోతుకు పావు వంతు నీళ్లు

లోతు 10 సెంటీమీటర్లు, మూతి వెడల్పు 20 సెంటీమీటర్లు ఉన్న గిన్నె ఒకటి ఉందనుకుందాం. అందులో 5 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్లు పోస్తే ఎవరైనా ‘సగం నిండింది’ అంటారు. గిన్నె గోడ పరావలయంలా వంగి ఉంటే మాత్రం ఆ నీళ్లు పావు వంతే.

డిష్ యాంటెన్నాను నిలువునా కోస్తే కనిపించే వంపే పరావలయం. మధ్య నుంచి పక్కకు రెట్టింపు దూరం జరిగితే గోడ ఎత్తు నాలుగు రెట్లవుతుంది. మన గిన్నెలో 5 సెంటీమీటర్లు జరిగితే ఎత్తు 2.5, మరో 5 జరిగితే ఏకంగా 10. సూత్రంగా రాస్తే y = r²/10.

ఇప్పుడు గిన్నెను దోసకాయ చక్రాల్లా అడ్డంగా పలుచగా తరిగామనుకోండి. y ఎత్తులో ఉన్న చక్రం వైశాల్యం πr². r² అంటే 10y కాబట్టి అది 10πy. కిటుకంతా ఇక్కడే ఉంది. గోడ వంకరే అయినా, చక్రాల వైశాల్యం మాత్రం ఎత్తుతో పాటు ఒకే తీరున పెరుగుతోంది: 1 సెంటీమీటరు దగ్గర 10π, 2 దగ్గర 20π, మూతి దగ్గర 100π. సున్నా నుంచి 100π దాకా ఇలా పెరిగేదాని సగటు 50π. గిన్నె సరిగ్గా పట్టే స్తూపాకారపు డబ్బాలోనేమో ప్రతి చక్రమూ 100π. ఈ చక్రాలన్నిటినీ కూడడమే సమాకలనం:

∫₀¹⁰ 10πy dy = 5π × 10² = 500π

అంటే సుమారు 1,571 మిల్లీలీటర్లు. డబ్బా పట్టేది 1000π, దాదాపు 3,142. కూడికను 5 దగ్గరే ఆపితే వచ్చేది 125π, అదే మొదట చెప్పిన పావు వంతు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ సమాకలనం లేకుండానే, వంపుకు లోపలా బయటా పలుచని స్తూపాలు పేర్చి ఈ ఫలితాన్ని రుజువు చేశాడు.

వంటింటి గిన్నెలన్నిటికీ ఇది వర్తించదు. అడుగు చదునుగా ఉంటే లెక్క తప్పుతుంది. అర్ధగోళమైతే డబ్బాలో మూడింట రెండు వంతులు పడుతుంది. తేడా తెలియాలంటే అడుగు నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తులో వెడల్పు కొలవాలి. పరావలయమైతే మూతిలో సరిగ్గా సగం, 10 సెంటీమీటర్లు ఉంటుంది. అర్ధగోళమైతే 13 దాటుతుంది.

అచ్చమైన పరావలయపు గుంటను నీళ్లే చేసి చూపిస్తాయి. నిలువు గోడల గ్లాసును తిరిగే పీట నడిమధ్య పెట్టి ఒకే వేగంతో తిప్పితే, నీళ్లు మధ్యలో కుంగి అంచున లేస్తాయి. నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో పాదరసాన్ని ఇలాగే తిప్పి 4 మీటర్ల టెలిస్కోపు అద్దం చేశారు. గుంట తనను చుట్టిన స్తూపంలో సగమే కాబట్టి, తిప్పకముందు నీటిమట్టం గుంట లోతుకు సరిగ్గా నడుమ ఉండి తీరాలి. అందుకే అంచున 1 సెంటీమీటరు లేస్తే మధ్యలోనూ 1 సెంటీమీటరే దిగుతుంది. వేగం పెరిగి నీళ్లు ఒలికినా, మధ్యలో గ్లాసు అడుగు బయటపడినా ఈ సమానత్వం చెడిపోతుంది.