అడ్వాన్స్ వెనక్కి అడిగే ఉత్తరం

మా తమ్ముడు మియాపూర్‌లో మూడేళ్లు ఉన్న ఫ్లాట్‌ని మే 31న ఖాళీ చేశాడు. నెలకు 22,000 అద్దె. చేరేటప్పుడు మూడు నెలల అడ్వాన్స్ కింద 66,000 కట్టాడు. తాళాలు ఇచ్చిన నాలుగో రోజు ఓనర్ గారు ఫోన్ చేసి, "గోడలు చూశావా బాబూ, పెయింటింగ్‌కే ఇరవై ఎనిమిది వేలు అడుగుతున్నారు" అన్నారు. వాడు ఫోన్‌లో వాదనకు దిగలేదు. ఆ రాత్రి కూర్చుని ఉత్తరం రాసి నాకు చూపించాడు.

మొదటిసారి రాసింది పనికొచ్చేలా లేదు. "ఫ్లాట్‌ని ఎంతో శుభ్రంగా ఉంచాం, మా డబ్బు మాకు ఇప్పించండి" అని ఉంది. శుభ్రం అన్నది అభిప్రాయం, దానికి ఎదురు అభిప్రాయం వెంటనే తయారవుతుంది. గది గదికీ ఏముంది, ఎలా ఉంది, చేరిన రోజు ఎలా ఉండేది అన్నది రాయమన్నాను. తిరగరాశాక ఇలా వచ్చింది:

"హాలు: ఫ్యాన్లు రెండు, ట్యూబ్‌లైట్లు మూడు పనిచేస్తున్నాయి. గోడకు మేము కొట్టిన మేకుల రంధ్రాలు ఆరు ఉన్నాయి. వంటగది: సింకు, కుళాయి బాగున్నాయి. కుళాయి మీద బోరు నీళ్ల ఉప్పు పేరుకుంది. బాత్రూమ్: అద్దం మా చేతిలో పగిలింది. కొత్తదానికి 1,400 తగ్గించుకోవచ్చు. కరెంటు మీటరు ఆఖరి రీడింగ్ ఫొటో జతచేశాను. ఆ బిల్లు 860 కూడా మినహాయించండి. మెయింటెనెన్స్ మే వరకూ కట్టిన రసీదు ఉంది."

అద్దం సంగతి ఎందుకు ఒప్పుకోవాలని మా మరదలు గునిసింది. తప్పు ఒకటి మనమే ఒప్పుకుని దాని ఖరీదు కూడా రాస్తే, మిగతా జాబితాను నమ్మడానికి ఓనర్‌కు కారణం దొరుకుతుంది.

అసలు చిక్కు పెద్ద పడకగది గోడ దగ్గర వచ్చింది. సీలింగు కింద జానెడు మేర రంగు ఉబ్బి, చెమ్మ మరక పసుపు అంచుతో కిందికి దిగింది. పైఫ్లాట్ బాత్రూమ్ సరిగ్గా ఆ గోడ పక్కనే ఉంది. అద్దెకున్నవాళ్ల వాడకంతో పాడైన గోడ చేతులు, మంచం, కుర్చీలు తగిలే ఎత్తులో మాస్తుంది. పైనుంచి మొదలై కిందికి పాకే మరక, గోకితే తెల్లటి పొడిలా రాలే రంగు నీళ్లు ఊరుతున్నాయని చెబుతాయి. అయినా గుర్తులు చెబితే సరిపోదు, తేదీ కావాలి. నిరుడు జూలైలో తమ్ముడు ఇదే మరక ఫొటోను ఓనర్‌కు వాట్సాప్‌లో పంపాడు. "చూస్తాను" అన్న జవాబు కూడా ఉంది. ఆ రెండింటి ప్రింటు ఉత్తరానికి జతయ్యింది.

రంగు వెలవడం, కుళాయికి ఉప్పు పట్టడం, తలుపు గొళ్లెం వదులవడం లాంటివి మామూలు వాడకం అరుగుదల. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, కానీ సహజమైన అరుగుదలకు అందులో మినహాయింపు ఉంది. అయితే ఒక మెలిక ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని చాలా అగ్రిమెంట్లలో రాస్తారు. దాని కింద సంతకం పెట్టి ఉంటే అరుగుదల వాదన దాదాపు నిలవదు. అందుకే ఉత్తరం మొదలుపెట్టే ముందు అగ్రిమెంటు తీసి చదవాలి. తమ్ముడి అగ్రిమెంటులో "నష్టాలకు మరమ్మతు ఖర్చు" అని మాత్రమే ఉంది.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదంటుంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప చూపించి అడగడానికి ఉండదు. వాడు దాని జోలికి పోలేదు.

చివర్లో లెక్క ఒక్క వరుసలో వచ్చింది: 66,000లో 1,400, 860 పోగా 63,740. పదిహేను రోజుల్లో ఫలానా ఖాతాకు వేయాలని, తగ్గించేది ఇంకేమైనా ఉంటే బిల్లు చూపించాలని, కలిసి గోడలు చూడటానికి ఆదివారం ఉదయం వస్తానని రాశాడు. ఏ తేదీన ఎన్ని తాళాలు ఎవరి చేతికి ఇచ్చాడో కూడా చేర్చాడు. ఆ వాక్యం లేకపోతే జూన్ అద్దె కూడా అడగవచ్చు. స్పీడ్ పోస్టులో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి పంపాడు. జవాబు రాకపోతే లాయర్ నోటీసు, తర్వాత సివిల్ కోర్టు. డబ్బు వసూలు దావాకు మామూలుగా మూడేళ్ల గడువుంటుంది కాబట్టి కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టాడు.

ఆదివారం ఓనర్ గారు వచ్చారు. పడకగదిలో పైకి చూసి కాసేపు మాట్లాడలేదు. హాల్లో మేకుల రంధ్రాలు లెక్కపెట్టి, "వీటికి పుట్టీ, ఆ ఒక్క గోడకు రంగు, నాలుగు వేలు" అన్నారు. తమ్ముడు సరేనన్నాడు. 59,740 మంగళవారం ఖాతాలో పడింది.