రాబిన్సన్ క్రూసో: ఉపవాచకంలో మిగలనిది
అపోహలు – వాస్తవాలు

డేనియల్ డీఫో రచించిన ‘రాబిన్సన్ క్రూసో’ నవల 1719 ఏప్రిల్‌లో లండన్‌లో వెలువడింది. నేటి పాఠకులలో చాలామందికి అది బడిలో ఉపవాచకంగా, అంటే పంక్తి పంక్తికీ అర్థం చెప్పకుండా కథ తెలియడం కోసం చదివించే చిన్న పుస్తకంగా పరిచయమవుతుంది. అలాంటి పుస్తకాల వెనుక రెండు వేర్వేరు పనులు ఉంటాయి. రచయిత వాక్యాలను చాలావరకు అలాగే ఉంచి కొన్ని భాగాలను తొలగించడం సంక్షేపణ కాగా, కథను పరిమితమైన పదజాలంతో, చిన్న వాక్యాలతో మరొకరు తిరగరాయడం సరళీకరణ. ఈ రెండూ తరచుగా ఒకే పుస్తకంలో కలిసే ఉన్నా, వాటివల్ల కలిగే నష్టాలు ఒకటి కావు.

అపోహ: సంక్షేపణలో వర్ణనలు పోతాయి గాని, కథకు లోటు రాదు.

సంక్షిప్త ప్రతులు తరచుగా ఓడ ప్రమాద ఘట్టానికి త్వరగా చేరుకోవాలని చూస్తాయి కాబట్టి, దానికి ముందున్న భాగంపైనే మొదటి కోత పడుతుంది. అయితే మూలంలో క్రూసో దీవికి చేరడానికి ముందు రెండేళ్లపాటు సాలే రేవులో స్వయంగా బానిసగా బతికాడు. జూరీ అనే బాలుడి తోడుతో పడవలో తప్పించుకుని, దారిలో ఆ బాలుడి విశ్వాసాన్ని కళ్లారా చూసి కూడా, తమను కాపాడిన పోర్చుగీసు ఓడ కెప్టెనుకు అతణ్ని అరవై వెండి నాణేలకు అప్పగించాడు. మతం మారితే పదేళ్లలో విడుదల చేస్తానన్న కెప్టెను మాటతో, జూరీ కూడా వెళ్లడానికి ఒప్పుకోవడంతో క్రూసో మనసు కుదుటపడింది. ఆ తరువాత బ్రెజిల్‌లో తోటల యజమానిగా స్థిరపడి, పనివాళ్ల కొరత తీర్చుకోవడానికి ఇతర యజమానులతో కలిసి గినీ తీరం నుంచి రహస్యంగా బానిసలను తెచ్చుకోవాలని బయలుదేరాడు. 1659 సెప్టెంబరులో ప్రమాదానికి గురైంది ఆ ప్రయాణపు ఓడే.

ఈ కారణాల గొలుసు తెగితే ఓడ ప్రమాదం కేవలం తుపాను వల్ల వచ్చిన ఆపదగా మిగిలిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం కథ చివరి భాగంలో కనిపిస్తుంది. సుమారు పాతికేళ్ల తరువాత దీవికి వచ్చిన ఒక యువకుడికి క్రూసో ‘ఫ్రైడే’ అని పేరు పెట్టి, తనను ‘యజమాని’ అని పిలవడం నేర్పిస్తాడు. జూరీని అమ్మిన మనిషే ఈ పేరు పెడుతున్నాడని తెలిసిన పాఠకుడికి ఆ స్నేహం ఒక రకంగా, తెలియని పాఠకుడికి మరొక రకంగా కనబడుతుంది. జూరీని వదులుకోవడం తప్పని క్రూసో మధ్యలో అనుకోకపోలేదు. కాని ఆ మాట బ్రెజిల్ తోటలో పనిచేసే చేతులు చాలనప్పుడు వచ్చిందని గమనించాలి. అది పశ్చాత్తాపమా, కూలి లెక్కా అనే ప్రశ్న మూలాన్ని చదివినవారికే ఎదురవుతుంది.

అపోహ: జాబితాలు, లెక్కలు విసుగు పుట్టిస్తాయి కనుక వాటిని తీసేసినా నష్టం లేదు.

ఈ నవలలో తరచుగా తొలగించేవాటిలో ఇవీ ఉన్నాయి, కాని నవల ప్రాణం చాలావరకు వీటిలోనే ఉంది. దీవిలో క్రూసో గడిపిన కాలం ఇరవై ఎనిమిదేళ్ల రెండు నెలల పందొమ్మిది రోజులు. సంక్షిప్త ప్రతి ఈ అంకెను చెప్పవచ్చు గాని, అంత కాలం ఎలా గడిచిందో పాఠకుడికి అనుభవానికి తేలేదు.

పడవ ఘట్టాన్ని పరిశీలిస్తే సంగతి స్పష్టమవుతుంది. క్రూసో ఒక పెద్ద దేవదారు చెట్టును ఎంచుకుని, మొదలు నరకడానికి ఇరవై రోజులు, కొమ్మలు కొట్టివేయడానికి పద్నాలుగు రోజులు, పడవ ఆకారానికి చెక్కడానికి ఒక నెల, లోపల తొలచడానికి దాదాపు మూడు నెలలు వెచ్చించాడు. అంతా అయ్యాక అది నీటికి సుమారు వంద గజాల దూరంలో ఉందనీ, దాన్ని కదిలించడం తన వల్ల కాదనీ తేలింది. కాలువ తవ్వి నీటినే పడవ దగ్గరకు తేవాలని లెక్క వేస్తే, ఆ పనికి పది పన్నెండేళ్లు పడుతుందని తెలిసి మానుకున్నాడు. సరళీకృత ప్రతిలో ఇదంతా, పెద్ద పడవ చేశాడు, దాన్ని నీటిలోకి నెట్టలేకపోయాడు అనే రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. సమాచారం తప్పు కాదు. కాని ఇరవై రోజులు, పద్నాలుగు రోజులు, నెల, మూడు నెలలు అంటూ వరుసగా చదివి అలసిన పాఠకుడే ఆ ఓటమి బరువును మోయగలడు. రెండు వాక్యాలలో దాన్ని అందుకున్న విద్యార్థికి క్రూసో తెలివితక్కువవాడిగా కనిపిస్తాడు, అంతే.

అపోహ: సరళీకరణలో కఠినమైన పదాలు మాత్రమే మారతాయి, భావం మారదు.

పరిమిత పదజాలంతో పాఠాలు రాసే పద్ధతికి మన దేశంతో సంబంధం ఉంది. నాటి అవిభక్త బెంగాల్‌లో, ఢాకాలో విద్యాశాఖలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920ల నుంచి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కోసం మెట్టుమెట్టుగా పదాలు పెంచే వాచకాలు తయారు చేశాడు. దాదాపు రెండు వేల పదాల ఆయన జాబితా 1953లో వెలువడి, తరువాతి వాచకాలకు కొలమానమైంది. విదేశీ భాష నేర్పడానికి ఆ పద్ధతి నిజంగా ఉపకరించింది. అయితే నవల విషయంలో జాబితాకు లొంగేది పదం ఒక్కటే కాదు, వాక్యంలోని ఆలోచన కూడా.

బార్లీ ఘట్టం దీనికి మంచి ఉదాహరణ. తన నివాసం పక్కన కొన్ని బార్లీ వెన్నులు మొలిచి ఉండటం చూసి, విత్తనం లేకుండా పంట పండించిన దైవకృప అని క్రూసో కన్నీళ్లు పెట్టుకున్నాడు. కొంతసేపటికి, కోళ్ల దాణా ఉన్న సంచిని తానే అక్కడ దులిపిన సంగతి గుర్తుకు వచ్చి ఆ భక్తి చల్లబడింది. ఇంకా తరువాత, ఎలుకలు పాడుచేసిన ఆ దాణాలో పది పన్నెండు గింజలు చెడకుండా మిగలడం, అవి నీడపట్టున పడటం మాత్రం దైవఘటన కాదా అని మళ్లీ ఆలోచించాడు. ఈ మూడు మెట్లూ ‘అయినప్పటికీ’, ‘ఒకవేళ’, ‘అని తోచినా’ వంటి సంబంధాలతో ముడిపడిన పొడవాటి వాక్యాలలో నడుస్తాయి. వాటిని చిన్న వాక్యాలుగా విడగొట్టినప్పుడు మొదటి మెట్టు ఒక్కటే నిలుస్తుంది: గింజలు మొలిచాయి, దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. తన నమ్మకాన్ని తానే అనుమానించి, అనుమానాన్ని మళ్లీ ప్రశ్నించుకున్న మనిషి అక్కడితో మాయమవుతాడు. ఆ గింజలను విత్తనం కోసం దాచుకుంటూ, నాలుగో ఏడు వరకు ఒక్కటి కూడా తినకుండా ఓర్చుకున్నాడన్న వివరం కూడా దానితోపాటే పోతుంది.

కొన్ని ప్రతులు ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అని సాగే కథనాన్ని ‘అతడు’గా మారుస్తాయి. అప్పుడు, ముసలితనంలో వెనక్కి తిరిగి తన యవ్వనాన్ని తప్పుపట్టే గొంతు పోయి, ఎవరో చెప్పిన సాహసకథ మిగులుతుంది.

అపోహ: కుదించడం ఈ కాలపు బడులు తెచ్చిన అలవాటు.

మూలం అచ్చయిన 1719లోనే టి. కాక్స్ అనే పుస్తక విక్రేత ఈ నవలకు కుదింపు ప్రతిని అచ్చువేయించగా, మూల ప్రచురణకర్త విలియం టేలర్ బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు. ఆ శతాబ్దమంతా చవక ప్రతులు సాగాయి. కనుక తప్పు కుదింపుది కాదు. కుదించినట్టు చెప్పకుండా రచయిత పేరు మాత్రమే అట్టపై వేయడం, దాన్నే నవలగా భావించి పరీక్షలో ప్రశ్నలు అడగడం తప్పు. చేతిలో ఉన్నది ఏ రకమైన ప్రతో తెలుసుకోవడానికి ముఖపత్రంపై ‘సంక్షిప్తం’, ‘పునఃకథనం’ వంటి మాటలు ఉన్నాయేమో చూడాలి. అవి లేనప్పుడు జూరీ పేరు, పడవకు పట్టిన రోజుల లెక్క, బార్లీపై చివరికి మళ్లీ కలిగిన ఆలోచన ఉన్నాయో లేవో వెతికితే చాలు.