మూయాల్సింది కుడివైపు

ఐదుగురు విద్యార్థుల మార్కులు ఇవి: 42, 91, 35, 78, 60. వీటిని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చమని ఒక విద్యార్థి సి భాషలో బబుల్ సార్ట్ రాశాడు. రన్ చేస్తే తెర మీద వచ్చింది 42, 35, 60, 78, 91. చివరి మూడూ చక్కగా కుదిరాయి, మొదటి రెండే తారుమారయ్యాయి. కంపైలర్ ఏ తప్పూ పట్టలేదు, ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోనూ లేదు.

మొత్తానికే పనిచేయని ప్రోగ్రామ్ కన్నా ఇలా ముప్పాతిక పనిచేసేది పిల్లల్ని ఎక్కువ తిప్పలు పెడుతుంది. తప్పు ఉన్నదేమో మార్పిడి చేసే మూడు వాక్యాల్లో కాదు. కానీ అందరూ ముందు వెతికేది అక్కడే.

```c
for (i = 0; i < n - 1; i++)
    for (j = i; j < n - 1; j++)
        if (a[j] > a[j + 1]) {
            t = a[j];
            a[j] = a[j + 1];
            a[j + 1] = t;
        }
```

బబుల్ సార్ట్ చేసే పని చిన్నదే. పక్కపక్కనున్న రెండు అంకెల్ని చూస్తుంది. ఎడమవైపుది పెద్దదైతే రెండింటినీ మారుస్తుంది, లేకపోతే వదిలేస్తుంది. తర్వాత ఒక అడుగు కుడికి జరిగి మళ్లీ అదే చేస్తుంది. ఇలా ఎడమ చివర నుంచి కుడి చివరి దాకా ఒకసారి వెళ్లడాన్ని ఒక పాస్ అంటారు. ఆ ప్రయాణం లోపలి లూప్ పని. ఎన్ని పాస్‌లు చేయాలో లెక్క పెట్టేది బయటి లూప్. పై కోడ్‌లో `i` పాస్ నంబరు, `j` ఇప్పుడు చూస్తున్న జతలో ఎడమ అంకె ఉన్న చోటు. సి భాషలో స్థానాలను సున్నా నుంచి లెక్కపెడతారు కాబట్టి, అయిదు మార్కులూ 0 నుంచి 4 వరకు ఉన్న గడుల్లో కూర్చున్నాయి.

ఇప్పుడు కాగితం మీద ఈ ప్రోగ్రామ్ వెంటే నడుద్దాం. మొదటి పాస్‌లో `j` సున్నా నుంచి మొదలవుతుంది. 42, 91 సరిగ్గానే ఉన్నాయి. 91, 35 మారతాయి. ఆ 91 తర్వాత 78ని, ఆపై 60ని దాటి కుడి చివరకు చేరుతుంది. వరుస 42, 35, 78, 60, 91 అయింది. అందరికన్నా పెద్దది తన గడిలో కుదురుకుంది. ఇంతవరకూ ఏ లోపమూ లేదు.

రెండో పాస్‌లో `i` విలువ 1. లోపలి లూప్ `j = i` అని మొదలవుతుంది కాబట్టి, చూపు ఒకటో గడి నుంచి పడుతుంది. అంటే ఒకటో గడిలోని 35ని రెండో గడిలోని 78తో పోలుస్తుంది. సున్నా గడిలోని 42ని, దాని పక్కనున్న 35ని పోల్చే అవకాశం అక్కడితో పోయింది. ఈ పాస్‌లో 78, 60 మారి వరుస 42, 35, 60, 78, 91 అవుతుంది. మూడో పాస్ రెండో గడి నుంచి, నాలుగో పాస్ మూడో గడి నుంచి మొదలవుతాయి. అక్కడ మార్చాల్సిందేమీ లేదు. 42, 35 అలాగే మిగిలిపోయాయి.

ఈ కథలో గమనించాల్సింది పెద్ద అంకెల నడకకూ చిన్న అంకెల నడకకూ ఉన్న తేడా. పెద్ద అంకె కుడికి పరుగెత్తుతుంది. ఒకే పాస్‌లో ఎన్ని గడులైనా దాటగలదు, ఎందుకంటే చూపు కూడా దానితో పాటే కుడికి జరుగుతుంది. చిన్న అంకె అలా కాదు. ఎడమకు ఒక అడుగు వేయగానే చూపు దాన్ని వదిలి ముందుకు వెళ్లిపోతుంది. మళ్లీ కదలాలంటే తర్వాతి పాస్ దాకా ఆగాలి. పాస్‌కు ఒక్క అడుగు, అంతకు మించి లేదు. అందుకే ఎడమవైపు చివరి దాకా తెరిచి ఉండాలి. ఈ కోడ్ ప్రతి పాస్‌కూ ఎడమవైపే ఒక్కో గడి మూసుకుంటూ పోతోంది. చిన్న అంకె ఒక అడుగు ముందుకు వచ్చేలోపు తలుపు కూడా ఒక గడి దగ్గరకు జరుగుతోంది.

పాస్‌లు పెరిగేకొద్దీ కుదురుకునేది కుడివైపు. ఒక పాస్ అయితే చివరి గడి ఖాయం, రెండు అయితే చివరి రెండూ ఖాయం. వాటిని మళ్లీ చూడనక్కర లేదు కాబట్టి తగ్గించాల్సింది అటువైపు. సరైన లోపలి లూప్ ఇది:

```c
for (j = 0; j < n - 1 - i; j++)
```

తప్పు కోడ్, ఒప్పు కోడ్ రెండూ అయిదు మార్కులకు సరిగ్గా పది పోలికలే చేస్తాయి. నాలుగు, మూడు, రెండు, ఒకటి. పాస్‌కు ఒకటి చొప్పున పని తగ్గుతోందన్న ఆలోచన విద్యార్థికి సరిగ్గానే అందింది. అది ఏ వైపు నుంచి తగ్గాలన్నదే చేజారింది. పోలికల్ని లెక్కపెట్టి సరిచూసుకునేవారికి అందుకే ఈ తప్పు దొరకదు.

ఆ `j = i` ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలావరకు పక్క పాఠం నుంచే. సెలక్షన్ సార్ట్‌లో లోపలి లూప్ `j = i + 1` దగ్గర మొదలవుతుంది. `a[i]`ని `a[j]`తో పోల్చి, చిన్నది కనబడగానే మార్చేసే ఇంకో పద్ధతి కూడా మన తరగతుల్లో బాగా నడుస్తుంది. ఆ రెండింటిలోనూ ప్రతి పాస్‌కూ అందరిలోకీ చిన్నది ఎడమ చివర కుదురుకుంటుంది. అక్కడ ఎడమవైపు మూసుకుంటూ రావడం న్యాయమే. ఒక పద్ధతిలోని లూప్ హద్దులు, ఇంకో పద్ధతిలోని పోలిక కలిసిపోతే పుట్టేదే ఈ ప్రోగ్రామ్. నా ఉద్దేశంలో ఇది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు. సార్టింగ్ పద్ధతులన్నీ ఒకే వారంలో, ఒకే రికార్డు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాయించినప్పుడు ఏది ఏ చివర నుంచి కుదురుతుందో విడిగా చెప్పకపోవడం వల్ల వచ్చేది.

ఇలాంటి ప్రోగ్రామ్ ఎంత తరచుగా సరైన జవాబు ఇస్తుంది? మొదటి పాస్‌లో సున్నా గడిలో మిగిలేది మొదటి రెండు అంకెల్లో చిన్నది. ఆ గడిని ఇంకెవరూ ముట్టుకోరు. కాబట్టి అందరిలోకీ చిన్నది మొదటి రెండు గడుల్లో లేకపోతే జవాబు తప్పు కాక మానదు. ఇదే షరతు కొంచెం సడలుతూ తర్వాతి అంకెలకూ వర్తిస్తుంది. అందరికన్నా చిన్నదానికి ఎడమవైపు తనకన్నా పెద్దది ఒక్కటి మించకూడదు, రెండో చిన్నదానికి రెండు మించకూడదు, మూడోదానికి మూడు. ఆ లెక్కన వేర్వేరు అంకెలు అయిదింటిని పేర్చగల 120 వరుసల్లో 36 సరిగ్గా వస్తాయి. పదింటికైతే నలభై రెండు వరుసల్లో ఒక్కటే నెగ్గుతుంది. నాలుగైదు అంకెలు చేత్తో కొట్టి చూసేవారికి మొదటి ప్రయత్నంలోనే సరైన జవాబు రావడం అరుదేమీ కాదు. ఆ ఒక్క అవుట్‌పుట్ రికార్డులోకి ఎక్కిపోతుంది.

అలాంటప్పుడు పరీక్షించడానికి ఏ వరుస ఇవ్వాలి? దీనికి గట్టి జవాబు ఉంది. పూర్తిగా తలకిందుల వరుస ఇవ్వాలి, అంటే 91, 78, 60, 42, 35. ఈ వరుసలో ఏ రెండు అంకెలు తీసుకున్నా అవి ఒకదాన్నొకటి దాటాల్సినవే. డచ్ గణిత శాస్త్రజ్ఞుడు ఎన్. జి. డి బ్రుయిన్ 1974లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీని గురించి బలమైన ఫలితం నిరూపించాడు. పక్కపక్క గడుల్ని మాత్రమే పోల్చే పద్ధతిలో, ఏ జతను ఎప్పుడు పోల్చాలో ముందే నిర్ణయమై ఉంటే, అది తలకిందుల వరుసను సరిచేయగలిగితే చాలు, అంతే పొడవున్న మిగతా వరుసలన్నిటినీ సరిచేస్తుంది. 120 వరుసలు కొట్టి చూడనక్కర లేదు, ఒక్కటి చాలు.

మన ప్రోగ్రామ్‌కు అది ఇస్తే వచ్చేది 78, 42, 35, 60, 91. తప్పు బయటపడడమే కాదు, ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. కుడి చివర 91 కుదిరింది, చిన్నవి ఎడమకు రాలేక మధ్యలో ఇరుక్కున్నాయి. అందరిలోకీ చిన్నదైన 35 చివరి గడి నుంచి రెండడుగులు వేసి రెండో గడిలో ఆగింది. మూడో పాస్ మొదలయ్యేది ఆ గడి నుంచే, ఇక దానికి ఎడమవైపు దారి లేదు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. ఒక పాస్‌లో ఏ మార్పూ జరగకపోతే అక్కడే ఆపేసే ఫ్లాగ్‌ను చాలామంది చేరుస్తారు. అది ఉంటే ఏ జతల్ని పోల్చాలో అంకెల్ని బట్టి మారుతుంది, డి బ్రుయిన్ ఫలితం నేరుగా వర్తించదు. ఫ్లాగ్ తీసేసి పరీక్షించి, తర్వాత చేర్చుకోవడం మేలు. ఇంకో సంగతి, అయిదు అంకెల మీద నెగ్గితే అది అయిదుకే రుజువు. పొడవు మారితే మళ్లీ చూడాలి.

జవాబు తప్పిందని తెలియగానే కొందరు బయటి లూప్‌ను పెంచి మరో పది పాస్‌లు తిప్పుతారు. దానివల్ల ఉపయోగం లేదు. `i` పెరిగేకొద్దీ లోపలి లూప్ మొదలయ్యే చోటే కుడికి జరిగిపోతుంది, అయిదో పాస్ నుంచి అది ఒక్కసారి కూడా తిరగదు. `j`ని సున్నా నుంచి మొదలుపెట్టి, `- i` తగ్గింపు లేకుండా ప్రతిసారీ చివరి దాకా నడిపిస్తే మాత్రం జవాబు సరిగ్గా వస్తుంది. పది పోలికల చోట పదహారు అవుతాయి, అంతే. హద్దు మీద అనుమానం ఉన్నవారు ముందు అలా రాసి, జవాబు సరిచూసుకుని, ఆ తర్వాత తగ్గింపు పెట్టుకోవచ్చు.

కుడి హద్దులో పొరపాటు జరిగితే లక్షణాలు వేరు. `n - 1 - i` బదులు `n - 2 - i` అని రాస్తే చివరి అంకెను ఎవరూ ముట్టుకోరు. మిగతావన్నీ కుదిరి, అది మాత్రం ఇచ్చిన చోటే కూర్చుంటుంది. `n - i` అని రాస్తే మొదటి పాస్‌లోనే అరే దాటి పక్కనున్న మెమరీని చదువుతుంది. సి భాష దాన్ని అడ్డుకోదు. అక్కడ సున్నా ఉందంటే, 91 బయటికి పోయి ఎవరూ ఇవ్వని సున్నా మార్కుల పట్టీలోకి వస్తుంది. పైథాన్‌లో ఇదే పొరపాటు చేస్తే `IndexError` చూపి ఆగిపోతుంది. కానీ ఎడమవైపు తప్పును పైథాన్ కూడా పట్టలేదు, ఎందుకంటే అక్కడ లేని గడిని ఎవరూ తాకడం లేదు, ఉన్న గడిని చూడకుండా వదిలేస్తున్నారు.

ల్యాబ్‌లో దీన్ని చూపించాలంటే అయిదు అంకెలు కూడా అక్కర్లేదు. రెండు అంకెలిస్తే తప్పు ప్రోగ్రామ్ కూడా సరిగ్గానే పేరుస్తుంది. 60, 42, 35 ఇచ్చి, ప్రతి పాస్ తర్వాత వరుసను ప్రింట్ చేయిస్తే చాలు. మొదటి పాస్ తర్వాత 42, 35, 60 వస్తుంది. రెండో పాస్ తర్వాత కూడా 42, 35, 60 అనే ఉంటుంది.