గ్రహణపు నీడ ఎంగిలి కాదు: పొరుగింటికి ఒక ఉపాధ్యాయుని లేఖ

2025 సెప్టెంబరు 7, ఆదివారం. భాద్రపద పౌర్ణమి. ఆ రాత్రి 9 గంటల 57 నిమిషాలకు చంద్రునికి పట్టు, 11 గంటలకు సంపూర్ణ గ్రహణం, 1 గంట 26 నిమిషాలకు విడుపు అని పంచాంగాలు, పత్రికలు ముందుగానే ప్రకటించాయి. గ్రహణానికి తొమ్మిది గంటల ముందు నుండి వేధ. మరాఠీ ఇళ్ళలో దీనినే వేధ్ అంటారు. ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో తెలుగు ఇళ్ళవారైనా, మరాఠీ ఇళ్ళవారైనా ఈ లెక్కను ఒకే తీరుగా పాటిస్తారు. అంటే మధ్యాహ్నం ఒంటిగంట లోపు పొయ్యి ఆరిపోవాలి; మరల అర్ధరాత్రి దాటి విడుపు స్నానం ముగిసేవరకు ముద్ద ముట్టరాదు. కొన్ని ఇళ్ళలో మంచినీరు కూడా నిషిద్ధమే.

ఆరవ నెల గర్భిణి అయిన కోడలు ఇంట ఉన్న ఒక పెద్దావిడకు ఈ లెక్క గుబులు పుట్టించింది. ఆమె పుట్టింటి వైపు ఒక బిడ్డ పై పెదవి చీలికతో పుట్టాడు. గ్రహణం వేళ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగినందుకే అట్లా జరిగిందని ఆ తల్లిని బంధువులందరూ చాలా ఏళ్ళు దెప్పిపొడిచారు. పొరుగున ఉండే విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి ఆమె తన భయం చెప్పుకోగా, ఆయన "పెద్దమ్మ గారికి నమస్కారములు" అని మొదలుపెట్టి ఒక లేఖ రాసి ఇచ్చారు. ఆ లేఖలోని విషయం ఇతరులకు కూడా తెలియదగినది.

లేఖ మొదట నీడ సంగతి చెబుతుంది. చంద్రగ్రహణమంటే భూమి నీడ చంద్రునిపై పడడం. ఆ నీడ మనకు కొత్తది కాదు. ప్రతి దినం సూర్యాస్తమయం తరువాత మనం కూర్చునేది, వండుకునేది, నిద్రించేది ఆ నీడలోనే. దానికే రాత్రి అని పేరు. భూమి వెనుక ఆకాశంలోకి లక్షల మైళ్ళ దూరం చాచుకొని ఉన్న అదే నీడలోకి ఒక్కొక్క పౌర్ణమినాడు చంద్రుడు దారి తప్పకుండా వచ్చి దూరుతాడు. చంద్రుని వద్ద ఆ నీడ వెడల్పు సుమారు 9,000 కిలోమీటర్లు, చంద్రుని అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు. కనుకనే మునిగి తేలడానికి గంటలు పడుతుంది. రాత్రంతా నీడలో ఉన్న అన్నానికి దోషం లేనప్పుడు, మూడు లక్షల ఎనభైనాలుగు వేల కిలోమీటర్ల దూరాన చంద్రుడు కొంతసేపు అదే నీడలో ఉంటే దోషం ఎట్లా వస్తుంది? గ్రహణంలో చంద్రుడు ఎర్రబడితే చెడు కిరణాలని కొందరు అనుమానిస్తారు. భూమి చుట్టూ ఉన్న గాలిపొర గుండా వంగి వెళ్ళిన సూర్యకాంతే అది. సంధ్యవేళ ఎరుపు ఎక్కడి నుండి వస్తుందో ఇదీ అక్కడి నుండే.

అన్నం విషయంలో మాత్రం ఆయన పెద్దావిడ అనుభవాన్ని కొట్టివేయలేదు. గ్రహణం నాటి అన్నం పాడైందని ఆమె చెప్పిన మాట నిజమే కావచ్చును. అయితే కారణం వేరు. వేధకు ముందు మధ్యాహ్నం వండిన అన్నం అర్ధరాత్రి దాటేవరకు, అనగా పన్నెండు గంటలకు పైగా, భాద్రపదపు ఉక్కలో మూతపెట్టి ఉంటుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో మొలకెత్తి పెరిగి వాంతులు, విరేచనాలు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. మరల వేడిచేసినా వాంతులు కలిగించే విషం పోదు. దర్భ వేసినా, వేయకున్నా ఇది ఆగదు. నీళ్ళు, మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నంలో పులుపు ఈ క్రిమి పెరుగుదలను అడ్డుతుంది. వేధ పేరున అన్నం ముందుగా వండి నిలువ ఉంచడమే ఇక్కడ ప్రమాదం. వేళకు వండి వేడిగా తింటే ఏ ప్రమాదమూ లేదు.

నమ్మకం కుదరకపోతే పరీక్షించుకోమని ఒక పద్ధతి కూడా రాశారు. ఒకే కుండలోని అన్నం రెండు స్టీలు గిన్నెలలో సమంగా తీసి, ఒకదానిలో దర్భ వేసి, రెండవది ఊరకే ఉంచి, ఒకే చోట, ఒకే వేళల్లో పెట్టాలి. మరునాడు వాసన, జిగురు చూడాలి, తినరాదు. గ్రహణం లేని ఒక రాత్రి, అంతే ఉక్కపోత ఉన్నప్పుడు, మరల అట్లే చేయాలి. పాడైతే నాలుగు గిన్నెలూ ఒకే తీరుగా పాడవుతాయి. రోకలి సంగతి ఇటువంటిదే. గ్రహణం వేళ పళ్ళెంలో రోకలి నిలబడుతుందని అందరూ చూపుతారు గాని, అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ మంగళవారం నాడైనా నిలబడుతుంది. ఆ రోజు ఎవరూ నిలబెట్టి చూడరు, అంతే.

లేఖలో సగభాగం కోడలి గురించే ఉంది. తెలుగులో ఆ చీలికకు గ్రహణపు మొర్రి అని పేరు; భయం భాషలోనే స్థిరపడింది. గర్భం నిలిచిన తరువాత నాలుగు నుండి ఏడు వారాల మధ్య శిశువు పై పెదవి రెండు పక్కల నుండి వచ్చి కలుస్తుంది. అంగిలి ఆరు, తొమ్మిది వారాల మధ్య కలుస్తుంది. ఆ కలయిక పూర్తికాకుంటే మొర్రి ఏర్పడుతుంది. చాలామంది తల్లులకు గర్భం నిర్ధారణ అయ్యేసరికే పెదవి పని ముగింపుకు వస్తుంది. ఆరవ నెలలో ఉన్న కోడలి బిడ్డకు పెదవి ఏర్పడి నెలలు గడిచాయి. ఇక కత్తి ముట్టినా, ముట్టకున్నా అది తెరుచుకోదు, అతుకుకోదు.

మెక్సికో దేశంలో కూడా గ్రహణం వల్లనే మొర్రి వస్తుందని పాతకాలపు నమ్మకం ఉంది. అక్కడి గర్భిణులు రక్షణకై లోహపు పిన్నును కడుపు దగ్గర పెట్టుకుంటారు. ఇక్కడ లోహం ముట్టరాదని, అక్కడ లోహమే కాపాడుతుందని! రెండూ ఒకేసారి నిజం కాజాలవు.

అసలు కారణాలలో వంశపారంపర్యం ఒకటి. మూర్ఛకు వాడే కొన్ని మందులు, పొగతాగడం, అదుపులేని మధుమేహం మరికొన్ని. చాలా సందర్భాలలో ఒకే కారణం చూపడం వైద్యులకు సాధ్యం కాదు. కనుక తల్లిని నిందించడం మరింత అన్యాయం. మొర్రితో పుట్టిన బిడ్డకు పెదవి శస్త్రచికిత్స సాధారణంగా మొదటి ఆరు నెలలలోను, అంగిలికి తొమ్మిది నుండి పద్ధెనిమిది నెలల మధ్యను చేస్తారు. ప్రభుత్వపు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించే లోపాలలో ఇది ఒకటి. ఆశా కార్యకర్తకు చెబితే దారి చూపుతారు.

గ్రహణం చేయని హాని ఉపవాసం చేయగలదు. మధ్యాహ్నం 12 గంటల 57 నిమిషాల నుండి రాత్రి 1 గంట 26 నిమిషాల వరకు లెక్కిస్తే పన్నెండున్నర గంటలు. ఆరు నెలల గర్భిణి అంతసేపు నీరు లేక, మూసిన గదిలో ఉంటే కళ్ళు తిరగడం, నీరసం, మూత్రం పచ్చబడి మంట పుట్టడం సహజం. రక్తహీనత లేదా మధుమేహం ఉన్న స్త్రీకి ఇది మరింత కష్టం. శిశువు కదలికలు తగ్గినట్లు తోస్తే విడుపు కొరకు ఎదురుచూడక ఆసుపత్రికి వెళ్ళాలి. పూజ, జపం, విడుపు స్నానం మానుకోమని ఆయన ఎక్కడా రాయలేదు. కోడలికి మాత్రం వేళకు అన్నం, అడిగినప్పుడల్లా నీళ్ళు ఇవ్వమన్నారు.

చివర ఒక్క హెచ్చరిక ఉంది, అది సూర్యగ్రహణానికి మాత్రమే. చంద్రగ్రహణాన్ని ఎంతసేపు చూసినా కంటికి చెరుపు లేదు. సూర్యుని ఏ నాడైనా నేరుగా చూడరాదు. గ్రహణం నాడు వెలుగు తగ్గి చూడాలన్న కోరిక పెరుగుతుంది కనుక ప్రమాదం ఎక్కువ. కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు, కొన్ని గంటల తరువాత చూపు మధ్యలో మచ్చ కనబడుతుంది. ఎక్స్‌రే ఫిల్ము, మసిపట్టిన గాజు, పసుపునీళ్ళ పళ్ళెంలో ప్రతిబింబం ఇవేవీ రక్షణ కావు. వేపచెట్టు కింద నిలబడి సూర్యునికి వీపు పెట్టి నేల చూడడం మేలు. ఆకుల సందుల నుండి పడే ప్రతి వెలుగుచుక్కా ఆ వేళ నెలవంక ఆకారంలో ఉంటుంది, పిల్లలకు చూపించవచ్చును.